వెబినార్‌లో మాట్లాడిన మేనేజర్‌కు ఉత్తరం రాయడం గురించి



పోయిన ఆదివారం మీటింగ్ అయినాక కాఫీ తాగుతా ఉంటే ఇద్దరు తండ్రులు నన్ను పట్టుకున్నారు. "మీ మేనకోడలికి అప్లికేషనే పెట్టకుండా పని దొరికిందంట గదా, లోపల ఎవరున్నారు?" అని. లోపల ఎవరూ లేరు. అప్లికేషన్ పెట్టకుండానూ రాలేదు. పెట్టింది, కానీ అందరూ మొదట పెట్టేదాన్ని ఆ పిల్ల చివర్లో పెట్టింది. నిలబడి చెప్పే విషయం కాదు, రాసి పెడతానని మాట ఇచ్చినాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు రిటైర్ అయినాక మన సంఘం క్లాసులోనే దిద్దుకున్నాను. ఎక్కడైనా తమిళం తొంగి చూస్తే సర్దుకోండి.

ముందు పిల్ల సంగతి. హొసూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో లారీల రాకపోకలు చూసే సెక్షన్‌లో నాలుగేళ్ళుగా పని చేస్తా ఉండింది. ఏ లారీ ఎప్పుడు రావాలి, గేటులో ఎంతసేపు నిలిచింది, ఎప్పుడు సరుకు దించి బయటకు పోయింది, ఇదంతా ఆమె పని. జనవరిలో ఆ సెక్షన్ మొత్తాన్ని కాంట్రాక్టుకు ఇచ్చేస్తున్నామని, మార్చి ఆఖరుదాకానే జీతమని కంపెనీవాళ్ళు చెప్పేసినారు. మా బావకు పోయిన ఏడాదే గుండెకు స్టెంట్ వేసినారు, ఇంటికి ఆ పిల్ల జీతమే ఆధారం. ఆన్‌లైన్‌లో నలభై చోట్ల అప్లికేషన్ పెట్టింది. రెండు చోట్ల నుంచి "మీ దరఖాస్తు అందింది" అని మిషన్ జవాబు వచ్చింది, మిగిలినవాళ్ళు అదీ పంపలేదు.

అట్లాంటి సమయంలో ఒక గురువారం సాయంత్రం ఒక వెబినార్ విన్నది. బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీలో రవాణా ప్లానింగ్ చూసే మేనేజర్ ఒకావిడ, ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు గంటలకొద్దీ నిలబడకుండా వాళ్ళు ఏం చేసినారో ముక్కాలు గంట చెప్పింది. ఒక్కొక్క లారీకి ఒక టైమ్ ఇస్తారు, దానికి స్లాట్ అంటారు. చివర్లో, "వచ్చే క్వార్టర్‌లో మా టీమ్ పెరుగుతుంది, ఆసక్తి ఉన్నవాళ్ళు టచ్‌లో ఉండండి" అని ఒక మాట అని, ఆఖరి స్లైడ్‌లో తన ఆఫీసు ఈమెయిల్ పెట్టింది.

ఆ మాటకు అర్థం ఏంటో ముందు తెలుసుకోవాలి. మన రైల్వేలో రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష పెట్టి మనిషిని పంపుతుంది. వచ్చినవాణ్ణి చూసి, "ఆ టేబుల్ దగ్గర కూర్చో" అనడమే గూడ్స్ సూపర్‌వైజర్ పని. ప్రైవేటు కంపెనీలో అట్లా కాదు. ఎవరిని తీసుకోవాలనే మాటలో ఆ సెక్షన్ మేనేజర్‌దే పెద్ద చెయ్యి. దాన్నే హైరింగ్ మేనేజర్ అంటారు. కానీ ఆమె చేతిలో లేనిది ఒకటుంది. పోస్టుకు పైనుంచి మంజూరు రావాలి, ఆ తర్వాత హెచ్‌ఆర్ దానికి ఒక నంబరు వేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. "టీమ్ పెరుగుతుంది" అంటే చాలాసార్లు, "మంజూరు అడిగినాను, ఇంకా రాలేదు" అని అర్థం. అప్పటికి అప్లై చెయ్యడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీ రోజుల్లో ఆమె మనసులో మన పేరు నిలిచి ఉండాలి, ఉత్తరం రాసేది అందుకు.

మనవాళ్ళలో చాలామంది దీన్ని సిఫారసు అనుకుంటారు. తమిళంలో కూడా అదే మాట, సిపారిసు. సిఫారసు అంటే మనకు తెలిసినవాడు, మన పని తెలియకపోయినా, మన గురించి చెప్పడం. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. ఆమెకు మనం ఎవరో తెలియదు, మన పని మాత్రం ఒక చిన్న ముక్క తెలుసు.

ఆ ముక్క ఎట్లా తెలిసిందంటే, పిల్ల ఒక ప్రశ్న అడిగింది. "స్లాట్ 11 గంటలకు ఇచ్చినా డ్రైవర్ 9 గంటలకే వచ్చి రోడ్డు మీద నిలబడతాడు గదా, మీరు చూపించిన లెక్కలో ఆ టైమ్ ఉందా, లేదా గేటు లోపలికి వచ్చినప్పటినుంచే లెక్కా?" అని. ఆ మేడమ్ ఒక క్షణం ఆగి, "గేటు నుంచే. మీరు అడిగింది మంచి ప్రశ్న" అన్నది. టైమ్ అయిపోయింది, అక్కడికే ముగిసింది.

నేను ఈ మాట విన్నప్పుడు నవ్వుకున్నాను. గూడ్స్ షెడ్‌లో ఉన్నన్నాళ్ళూ మాకూ, పార్టీలకూ ఇదే పోట్లాట. బండి స్టేషన్‌కు వచ్చిన టైమ్ వేరు, సరుకు దించడానికి వ్యాగన్లను షెడ్ లైన్‌లో పెట్టిన టైమ్ వేరు. ఫ్రీ టైమ్ ఆ పెట్టినప్పటినుంచి లెక్క, అది దాటితే గంటకింత డెమరేజ్. టైమ్ ఎక్కడనుంచి మొదలుపెడతామనే దాని మీదే డబ్బంతా ఉంటుంది. పిల్ల అడిగింది ఆ పని చేసినవాళ్ళకు మాత్రమే తట్టే ప్రశ్న.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ రోజు ఆమె తమ్ముడి లాప్‌టాప్‌లో కూర్చున్నది, స్క్రీన్ మీద తమ్ముడి పేరే పడింది. ప్రశ్న అడిగింది అతనే అని లెక్క. ఇది చిన్న సంగతి అనుకోవద్దు. ఇట్లాంటి వెబినార్లలో ఎవరు ఏం అడిగినారు, ఎవరెవరు వచ్చినారు అనే పట్టీని నడిపేవాళ్ళు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మాట్లాడినవాళ్ళకు పంపనూ వచ్చు. మన పేరు, మన ఈమెయిల్ సరిగ్గా ఉంటే మన ఉత్తరం వచ్చినప్పుడు అవి రెండూ జత కలుస్తాయి. పిల్లలూ, లోపలికి పోయేముందే పేరు చూసుకోండి. పేరు లేకుండా ప్రశ్న అడిగే వీలు కొన్నింట్లో ఉంటుంది, దాన్ని వాడుకుంటే మీ ప్రశ్న మీది కాకుండా పోతుంది.

ఆ రాత్రే పిల్ల ఒక ఉత్తరం రాసి నాకు చూపించింది. "రెస్పెక్టెడ్ మేడమ్" అని మొదలుపెట్టి, చదువు, మార్కులు, కష్టపడి పని చేసే స్వభావం, ఇంటి పరిస్థితి, అన్నీ రాసి, రెజ్యూమె జత చేసి, తగిన సహాయం చెయ్యమని ముగించింది. మా కాలంలో డివిజన్ ఆఫీసుకు రాసే అర్జీ మాదిరే ఉంది. నేను ఒకటే అడిగినాను: "అమ్మా, ఇది చదివినాక ఆ మేడమ్ ఏం చెయ్యాలి?" పిల్ల ఆలోచించి, "రెజ్యూమె తెరవాలి, చదవాలి, హెచ్‌ఆర్‌కు పంపాలి, మంజూరు లేదు కాబట్టి వాళ్ళు ఇప్పుడేమీ లేదంటారు" అన్నది. అంటే ఆమెకు నాలుగు పనులు పెట్టి, చివర్లో కాదనే జవాబు మనమే రాబట్టుకున్నట్టు. పైగా ముఖం తెలియని మనిషి మొదటి ఉత్తరంలోనే ఫైల్ జత చేసి పంపితే తెరవడానికి ఎవరైనా వెనకాడతారు.

శుక్రవారం పొద్దున పది గంటలకు ఇంకొకటి పంపింది. ఇంగ్లీషులో రాసిందే, అర్థం ఇది. సబ్జెక్టు దగ్గర: "గురువారం వెబినార్, స్లాట్ కంటే ముందు వచ్చే లారీల ప్రశ్న." లోపల: "నిన్న సాయంత్రం ఆ ప్రశ్న అడిగింది నేనే, స్క్రీన్ మీద మా తమ్ముడి పేరు కనిపించి ఉంటుంది. హొసూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్ళుగా గేటు, స్లాట్ పని చూస్తున్నాను. మేము డ్రైవర్ రోడ్డు మీదకు వచ్చిన టైమ్ కూడా విడిగా రాయడం మొదలుపెట్టినాక, ఎవరివల్ల ఆలస్యం అవుతుందనే వాదనలు తగ్గినాయి. మీ దగ్గర దాన్ని రాయకపోవడానికి కారణం ఏదైనా ఉందా, తెలుసుకోవాలని ఉంది." కింద పేరు, ఫోన్ నంబరు. అంతే. ఉద్యోగం అనే మాట లేదు, రెజ్యూమె లేదు. ఫోన్‌లో తెరిస్తే వేలు కదపకుండా మొత్తం కనిపించేంత ఉత్తరం.

మరుసటి రోజే ఎందుకంటే, అట్లాంటి మాట చెప్పినవాళ్ళకు ఒకటి రెండు రోజులు ఆ ప్రశ్నలు గుర్తుంటాయి. వారం అయితే ఎవరు అడిగినారో ముఖం కూడా ఉండదు, అప్పుడు ఎంత బాగా రాసినా కొత్త మనిషి రాసినట్టే. లింక్డ్ఇన్‌లో పంపినా ఇదే లెక్క. అక్కడ పరిచయం కోరేటప్పుడు రాసే చీటీలో 200, 300 అక్షరాలకు మించి పట్టదు కాబట్టి, ప్రశ్న గుర్తు చేసే ఒక్క వాక్యం రాసి, ఒప్పుకున్నాక మిగతాది రాయాలి.

ఇక్కడ మా బావ ఒక పని చెయ్యబోయినాడు. మన సంఘంలోనే ఆ కంపెనీలో పని చేసే అబ్బాయి ఉన్నాడని విని, అతని ద్వారా ఆ మేడమ్ సెల్ నంబరు తెప్పించినాడు. "ఒక్క ఫోన్ కొడితే అయిపోయేదానికి ఈ ఉత్తరాలేంటి" అని. నేను గట్టిగా అడ్డుపడినాను. ఆమె ఈమెయిల్ ఇచ్చింది, ఫోన్ ఇవ్వలేదు. తానే తెరిచిన తలుపు వదిలేసి పెరటి గోడ దూకి వస్తే, ఎంత మంచి మనిషైనా భయపడుతుంది. ఆ అబ్బాయికి కూడా ఆఫీసులో చెడ్డపేరు. బావకు కోపం వచ్చింది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సరి, పరవాలేదు.

నాలుగో రోజు జవాబు వచ్చింది. రెండే లైన్లు: "కారణం ఏమీ లేదు, మేము ఆలోచించలేదు. మీరు ఎట్లా లెక్క వేస్తారు?"

ఇప్పుడు అసలు జాగ్రత్త. పిల్ల ఉత్సాహంగా తన ఫ్యాక్టరీ మూడు నెలల రిజిస్టరును ఎక్సెల్‌లో వేసి పంపబోయింది. వద్దన్నాను. ఆ అంకెలు ఆమెవి కావు, కంపెనీవి. పనినుంచి తీసేస్తున్నారనే కోపం ఉన్నా కూడా. పైగా, ఈ కంపెనీ కాగితాలు ఆ కంపెనీకి పంపే మనిషి రేపు వాళ్ళ కాగితాలు ఇంకొకరికి పంపదని నమ్మకం ఏంటి? మేనేజర్ తెలివైనదైతే అక్కడే పక్కన పెడుతుంది. పద్ధతి చెప్పొచ్చు, అంకెలు, ట్రాన్స్‌పోర్ట్ పార్టీల పేర్లు చెప్పకూడదు. కాబట్టి ఊహించిన ఒక లారీతో రాసింది.

స్లాట్ 11 గంటలకు. లారీ రోడ్డు మీదకు 8:40కే వచ్చింది. గేటు లోపలికి 11:20కి. సరుకు దించి 1:05కు బయటకు. గేటు నుంచి లెక్కిస్తే 1 గంట 45 నిమిషాలు, చాలా బాగుందనిపిస్తుంది. డ్రైవర్‌ను అడిగితే 4 గంటల 25 నిమిషాలు నిలబడినానంటాడు, అదీ నిజమే. పిల్ల పద్ధతిలో దాన్ని రెండుగా విడదీస్తారు. 8:40 నుంచి 11 దాకా 2 గంటల 20 నిమిషాలు ముందుగా వచ్చినందుకు, అది ట్రాన్స్‌పోర్ట్ పార్టీ ఖాతా. 11 నుంచి 1:05 దాకా 2 గంటల 5 నిమిషాలు ఫ్యాక్టరీ ఖాతా. 11 నుంచి 11:20 దాకా గేటు బయట పోయిన ఆ ఇరవై నిమిషాలు మేడమ్ లెక్కలో ఎక్కడా కనపడవు, తప్పు మాత్రం ఫ్యాక్టరీదే.

ఇంత రాసి, కింద ఒక పేరా పెట్టింది. ఈ ఒక్క పేరా కోసమే ఇదంతా. "మీ టీమ్ పెరుగుతుందని అన్నారు. ఇట్లాంటి పనికి పోస్టు వస్తే నాకు ఆసక్తి ఉంది, మార్చి తర్వాత చేరగలను. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో నేను ఇంతవరకు దేనికీ అప్లై చెయ్యలేదు, ఏ కన్సల్టెన్సీ ద్వారానూ నా వివరాలు మీకు రాలేదు. పోస్టు వచ్చినప్పుడు నేరుగా అప్లై చెయ్యాలా, లేదా మీరు చెప్పేదాకా ఆగాలా?"

ఆ "ఇంతవరకు అప్లై చెయ్యలేదు" అనే మాట చాలామంది పిల్లలకు తెలియదు, అందుకే విడిగా చెబుతున్నాను. చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషి పేరు మొదట ఏ దారిలో వచ్చిందో అదే నిలిచిపోతుంది. మనమే వెబ్‌సైట్‌లో అప్లై చేసేసి ఉంటే, తర్వాత లోపలివాళ్ళు రెఫరల్ పెట్టబోతే, "ఈ మనిషి ఇప్పటికే ఉన్నాడు" అని తీసుకోకపోవచ్చు. కన్సల్టెన్సీ పంపి ఉంటే ఇంకా ముడి. ఆరు నెలలో, ఏడాదో ఆ మనిషి ఆ కన్సల్టెన్సీ ద్వారా వచ్చినట్టే లెక్క, తీసుకుంటే వాళ్ళకు ఫీజు కట్టాలి. ఆ ఫీజు మిగుల్చుకోవడానికి పక్కవాణ్ణి తీసుకునే కంపెనీలు ఉంటాయి. మనకు కారణం కూడా తెలియదు. అందుకే, అడగకుండా కన్సల్టెన్సీలకు రెజ్యూమె చల్లే అలవాటు మానుకోవాలి. మనిషి పరిచయం ఉన్నచోట ముందు అడగాలి, తర్వాత అప్లై చెయ్యాలి.

దానికి మేడమ్, "ఇప్పుడు అప్లై చెయ్యొద్దు, పోస్టు వస్తే చెబుతాను" అని రాసింది. ఆ తర్వాత మౌనం. ఒక వారం, రెండు వారాలు. మార్చి నెల, లెక్కలు ముగించే కాలం, ప్రైవేటులో కూడా తల ఎత్తే తీరిక ఉండదు. ఇంట్లో మాత్రం మార్చి 31 దగ్గరికొస్తా ఉంది. పిల్ల రోజూ ఈమెయిల్ తెరిచి చూసేది. మళ్ళీ రాయమని వాళ్ళమ్మ, రాయకూడదని వాళ్ళ నాన్న, అభిమానం అడ్డమొచ్చి.

మూడో వారం అదే ఉత్తరానికి కింద జవాబుగా, కొత్త ఉత్తరం కాకుండా, మూడు లైన్లు రాసింది. "ఏమైనా అప్‌డేట్ ఉందా" అని అడగలేదు. ఆ మాటకు "లేదు" తప్ప వేరే జవాబు ఉండదు. "మీరు అడిగిన లెక్కలో ఒక సంగతి వదిలేసినాను, స్లాట్‌కు ఆలస్యంగా వచ్చే లారీకి టైమ్ వచ్చినప్పటినుంచి లెక్కించాలి, లేకపోతే ఫ్యాక్టరీ మీద తప్పు పడుతుంది. ఏప్రిల్ 1 నుంచి నేను ఖాళీ" అని రాసింది. రెండు సంగతులూ ఆమెకు కొత్తవి. ఈ మూడో ఉత్తరానికీ జవాబు రాకపోతే ఇంక ఆపేద్దాం, పోస్టు వెబ్‌సైట్‌లో పడితే మాత్రం ఒక్కసారి చెప్పి అప్లై చేద్దాం అని ముందే అనుకున్నాం. అంతకు మించితే వెంటపడినట్టు.

జవాబులను చదవడం కూడా రావాలి. "హెచ్‌ఆర్‌కు పంపండి" అని వస్తే, ఎవరికి పంపాలో పేరు, ఈమెయిల్ ఇచ్చినారా చూడండి. ఇస్తే పని నడుస్తా ఉన్నట్టు, ఆ హెచ్‌ఆర్‌కు రాసేటప్పుడు మేనేజర్‌ను కాపీలో పెట్టాలి. పేరు లేకుండా "మా కెరీర్స్ పేజీ చూడండి" అంటే మర్యాదగా తలుపు వేసినట్టు. థ్యాంక్స్ చెప్పి వేరే పని చూసుకోవాలి. అందులో అవమానం ఏమీ లేదు.

ఏప్రిల్ రెండో వారంలో మేడమ్ నుంచి ఒక లింక్ వచ్చింది, దాని ద్వారానే అప్లై చెయ్యమని. చేసింది. రెజ్యూమె పోయింది అప్పుడే. ఆన్‌లైన్ పరీక్ష, ఆ తర్వాత రెండు ఇంటర్‌వ్యూలు. మొదటిదాంట్లో కూర్చున్నవాళ్ళకు ఈ ఉత్తరాల సంగతే తెలియదు, ఎక్సెల్‌లో పని చేసి చూపించమన్నారు. పరిచయం ఆమెను వరసలో నిలబెట్టింది, లోపలికి నడిపించలేదు. ఆ పోస్టు రాలేదు కూడా. కంపెనీలోనే వేరే సెక్షన్ మనిషికి ఇచ్చినారు.

ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. అప్పటికి జీతం ఆగి నెల దాటింది. పిల్ల రెండు రోజులు ఊరుకుని, మేడమ్‌కు నాలుగు మాటలు రాసింది: తెలిపినందుకు థ్యాంక్స్, ఎక్సెల్ ప్రశ్నలో తడబడినాను, అది నేర్చుకుంటున్నాను, ఇట్లాంటి పని మీ కంపెనీలో ఇంకెక్కడైనా వస్తే గుర్తుంచుకోండి. ఇది నేను చెప్పి రాయించింది కాదు.

జూన్‌లో ఆ మేడమే, తమ వేరే గోడౌన్ చూసే మేనేజర్‌కు పిల్ల ఉత్తరాన్ని, ఆ లారీ లెక్క ఉన్నదాన్ని, పంపి పిల్లను కాపీలో పెట్టింది. మళ్ళీ లింక్, మళ్ళీ పరీక్ష, మళ్ళీ ఇంటర్‌వ్యూ. జూలైలో చేరింది. జీతం పాతదానికంటే కొంచెం తక్కువే, బెంగుళూరులో హాస్టల్ ఖర్చు వేరే. బావ ఇప్పుడు నాతో బాగానే మాట్లాడుతున్నాడు. ఆ గోడౌన్ రిజిస్టరులో లారీ రోడ్డు మీదకు వచ్చిన టైమ్‌కు ఒక కొత్త కాలమ్ పెట్టించిందంట.

మన పిల్లలు ఎవరికైనా ఆ మొదటి ఉత్తరం, లారీ లెక్క ఉత్తరం ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు కావాలంటే, పేర్లు తీసేసి ఇస్తానని చెప్పింది. నాకు వాట్సాప్‌లో రాయండి, పంపిస్తాను. ఫోన్ చేసేవాళ్ళు సాయంత్రం ఆరు దాటినాక చెయ్యండి, మధ్యాహ్నం నిద్ర అలవాటైపోయింది.